సెల్ఫీతో కార్టూన్ అవతార్ తయారీ: ముఖం వివరాలు చేజారకుండా చేసుకునే పద్ధతి

సెల్ఫీ ఇచ్చి కార్టూన్ బొమ్మ చేసుకోవడం ఎలా అని అడిగేవారికంటే, చేసుకున్న తరువాత ఆ సెల్ఫీ ఏమవుతుందని అడిగేవారే ఈ మధ్య ఎక్కువయ్యారు. రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే బొమ్మ ఏ పద్ధతిలో తయారవుతుందో దాన్నిబట్టే ముఖం వివరాలు ఎక్కడెక్కడ మిగులుతాయో తేలుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పద్ధతిని ఎంచుకోవడం దగ్గర మొదలుపెట్టి, ఫొటో సిద్ధం చేయడం, బొమ్మ చేయడం, చివరికి మిగిలిన ఆనవాళ్లను తుడిచివేయడం వరకు వరుసగా చెబుతున్నాను.

## 1. ముందుగా పద్ధతిని ఎంచుకోండి

పైకి అన్ని అవతార్ యాప్‌లూ ఒకేలా కనిపిస్తాయి, కానీ లోపల జరిగే పని మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది అతుకుల పద్ధతి. కళ్లు, ముక్కు, జుట్టు, గడ్డం వంటివాటికి ముందే గీసి పెట్టిన ముక్కలుంటాయి. మీరే చేత్తో ఎంచుకుంటారు, లేదా సెల్ఫీని చూసి యాప్ ఎంచి పెడుతుంది. చేత్తో ఎంచుకునే వీలుంటే సెల్ఫీ అవసరమే లేదు.

రెండవది మార్పిడి పద్ధతి. ఒక ఫొటో లోపలికి వెళుతుంది, అదే ఫొటో బొమ్మ రూపంలో బయటికి వస్తుంది. ఇలా బొమ్మ గీసే ప్రోగ్రాంను మోడల్ అంటారు, ఇక్కడ అది మీ గురించి కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. ఈ పని చేసే చిన్న మోడళ్లు సాధారణ కంప్యూటర్లోనే నడుస్తాయి.

మూడవది శిక్షణ పద్ధతి. పది నుంచి ఇరవై సెల్ఫీలు అడిగి, కొంతసేపు ఆగమని చెప్పి, తరువాత రకరకాల వేషాల్లో పదుల కొద్దీ బొమ్మలు ఇచ్చే సేవలు ఎక్కువగా ఈ కోవలోవే. ఇక్కడ ఆ సెల్ఫీలతో ఒక మోడల్‌కు మీ ముఖాన్ని ప్రత్యేకంగా నేర్పుతారు. మీరు ఎన్నడూ నిలబడని చోట, ఎన్నడూ వేసుకోని దుస్తుల్లో మీ ముఖం కనిపించడానికి కారణం అదే.

ఎంచుకునేటప్పుడు ఈ వరుసలో ఆలోచించండి:

- మీరెవరో తెలియకూడదనుకుంటే, చేత్తో ఎంచుకునే అతుకుల పద్ధతి.
- మీ పోలిక ఉండాలి, ఒకటి రెండు బొమ్మలు చాలనుకుంటే, మార్పిడి పద్ధతి, అదీ సొంత కంప్యూటర్లో.
- రకరకాల వేషాలు కావాలనుకుంటే మాత్రమే శిక్షణ పద్ధతి. దానికి ముందు రెండో భాగం తప్పక చదవండి.

## 2. ఒక్క సెల్ఫీ నుంచి ఏమేమి పుడతాయి

"మీ ఫొటోను తొలగించాం" అని సేవ చెప్పగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఫొటో వాటిలో ఒకటి మాత్రమే. సర్వర్‌కు చేరిన సెల్ఫీ నుంచి ఈ కింది వస్తువులు ఒక్కొక్కటిగా పుట్టవచ్చు, ఒకదాన్ని తొలగిస్తే మిగిలినవి వాటంతటవే పోవు.

అసలు ఫైల్. ఇందులో ముఖంతోపాటు ఫొటో తీసిన సమయం, ఫోన్ మోడల్, లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటాయి.

కత్తిరించిన ముఖం. ఫొటోలో ముఖం ఎక్కడుందో గుర్తించి, ఆ చదరం వరకే కోసి వేరే ఫైలుగా దాచడం మామూలు పద్ధతి. అసలు ఫైల్ పోయినా ఇది తాత్కాలిక ఫోల్డర్‌లో మిగిలిపోయే అవకాశం ఉంది.

ముఖ బిందువులు. కనుకొసలు, ముక్కు అంచు, పెదవుల గీత, దవడ వంపు ఎక్కడెక్కడున్నాయో చెప్పే బిందువులివి. పాత పద్ధతుల్లో 68 బిందువులు వాడేవారు, ఫోన్లలో వాడే ఒక ప్రసిద్ధ పద్ధతిలో 468 ఉంటాయి. బొమ్మ మీతో పాటు కన్ను గీటాలన్నా నవ్వాలన్నా ఇవి కావాలి.

ముఖ ముద్ర. ముఖాన్ని ఒక సంఖ్యల వరుసగా మార్చినదాన్ని ఇక్కడ ఇలా పిలుస్తున్నాను, సాంకేతికంగా ఎంబెడింగ్ అంటారు. 2015లో వచ్చిన ఫేస్‌నెట్ పద్ధతిలో ఈ వరుసలో 128 సంఖ్యలే ఉండేవి. ఒకే మనిషి ఫొటోలు రెండింటి నుంచి వచ్చిన వరుసలు దగ్గరగా, వేరువేరు మనుషులవి దూరంగా ఉంటాయి కాబట్టి, మరెక్కడో ఉన్న ఫొటో మీదా కాదా అని పోల్చి చెప్పడానికి ఇది సరిపోతుంది. కార్టూన్ గీయడానికి ముఖ ముద్ర తప్పనిసరి కాదు. అయినా పంపిన సెల్ఫీలన్నీ ఒకే మనిషివో కావో చూడటానికి, బొమ్మలో పోలిక నిలవడానికి కొన్ని సేవలు దీన్ని తయారు చేస్తాయి.

మీ మీద శిక్షణ పొందిన మోడల్. ఇది శిక్షణ పద్ధతిలో మాత్రమే ఉంటుంది, నా లెక్కలో అన్నిటికంటే బరువైనది ఇదే. ఇది చిన్న ఫైలే కావచ్చు, కానీ చేతిలో ఉన్నవారు మీ సెల్ఫీలు ఒక్కటీ లేకుండానే మీ ముఖంతో కొత్త చిత్రాలు ఎన్నైనా చేయగలరు. "ఫొటోలను వెంటనే తొలగిస్తాం" అనే వాక్యం పూర్తిగా నిజమైనప్పుడు కూడా ఈ ఫైల్ అలాగే ఉండిపోవచ్చు.

తయారైన బొమ్మలు, బ్యాకప్‌లు. వీటి గురించి వేరే చెప్పనక్కరలేదు, కానీ తొలగించమని అడిగేటప్పుడు పేరు పెట్టి అడగాలి.

ఇక్కడ ఇంకో విషయం విడిగా చూడాలి. పైవన్నీ మీ ఒక్కరి పేరు మీద ఉండేవి. వీటికి తోడు, మీ ఫొటోను వేలాది ఇతర ఫొటోలతో కలిపి సేవ తన సాధారణ మోడల్‌ను మెరుగుపరచుకోవడానికి వాడి ఉంటే, దాన్ని వెనక్కి తీయడం దాదాపు కుదరదు. ఉప్పు నీళ్లలో కలిశాక వేరు చేయమన్నట్లే ఉంటుంది.

అలాంటి సందర్భంలో మోడల్‌నే తొలగించమన్న ఆదేశాలు లేకపోలేదు. ఎవర్ అనే ఫొటోల యాప్ ఖాతా మూసివేసినవారి ఫొటోలను తొలగిస్తామని చెప్పి తొలగించలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సంస్థ ఫొటోలతోపాటు వాటితో తయారు చేసిన మోడళ్లను కూడా తొలగించవలసి వచ్చింది. అయితే అది ప్రభుత్వ సంస్థ కల్పించుకుంటే జరిగిన పని. ఒక వినియోగదారు రాసే మెయిల్‌తో అంతదాకా పోతుందని ఆశించకండి, కాబట్టి ఈ ఒక్క విషయంలో జాగ్రత్త ముందే పడాలి.

## 3. సెల్ఫీ తీయడం

బొమ్మ బాగా రాకపోతే జనం మోడల్‌ను తిడతారు. పది సందర్భాల్లో ఏడెనిమిదింట తప్పు ఫొటోలోనే ఉంటుంది.

వెలుతురు ఎదుటి నుంచి, కొంచెం పక్కగా పడాలి. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడితే చాలు. ఫ్లాష్ వాడితే నుదుటి మీద, ముక్కు మీద తెల్లటి మచ్చ పడుతుంది, మార్పిడి మోడల్ దాన్ని చర్మం రంగుగానే తీసుకుని గీస్తుంది. వెనుక నుంచి వెలుతురు వస్తే ముఖం చీకటై కళ్లు సరిగా రావు.

ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో, కంటి ఎత్తులో పట్టుకోండి. మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా వస్తుంది, బొమ్మలో అది ఇంకా పెద్దదవుతుంది.

వెనుక ఖాళీ గోడ ఉండాలి. దీనికి అందం ఒక్కటే కారణం కాదు. మార్పిడి పద్ధతి ముఖంతో పాటు నేపథ్యాన్ని కూడా బొమ్మగా మారుస్తుంది, కాబట్టి గోడ మీది ధ్రువపత్రం, మెడలోని గుర్తింపు కార్డు, వెనుక కూర్చున్న మనిషి అందులో పోల్చుకోగలిగేలా ఉండిపోవచ్చు.

తీసేముందు చూసుకోవలసినవి:

- కెమెరాకు లొకేషన్ అనుమతి తీసివేశారా?
- ముఖానికి నునుపు దిద్దే బ్యూటీ ఫిల్టర్ ఆపివేశారా? దానితో తీస్తే బొమ్మ మైనపు ముద్దలా వస్తుంది.
- ఫొటోలో మీ ముఖం ఒక్కటే ఉందా? పక్కవారి ముఖం ఉంటే వారి అనుమతి మీ చేతిలో లేదు. పిల్లల ముఖమైతే అసలే వద్దు.
- కళ్లద్దాల్లో ఎదుటి కంప్యూటర్ తెర ప్రతిబింబించడం లేదు కదా?

## 4. ఫొటోను శుభ్రం చేయడం: ఇక్కడే చాలామంది జారిపడతారు

ఫొటోలో దాగి ఉన్న వివరాలను మెటాడేటా అంటారు. దాన్ని చూడటానికి, తీసివేయడానికి కంప్యూటర్లో ఎక్కువమంది వాడే పనిముట్టు `exiftool`, దాని ఆదేశాలు ఇవి:

```
exiftool selfie.jpg
exiftool -all= selfie.jpg
```

మొదటి వరుస లోపలి వివరాలను చూపిస్తుంది, రెండవది తుడిచివేస్తుంది. ఇందులో రెండు గుంటలున్నాయి.

మొదటి గుంట: తుడిచేముందు అది పాత ఫొటోను `selfie.jpg_original` అనే పేరుతో పక్కనే దాచుతుంది. లొకేషన్ అందులో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఫోల్డర్‌ను మొత్తంగా ఎవరికైనా పంపితే మీరు తుడిచినదంతా వారికి చేరుతుంది. పని అయ్యాక ఆ ఫైలును తీసేయాలి.

రెండవ గుంట: ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా, చాలా ఫోన్లు ఫొటోను అడ్డంగానే భద్రపరచి, "చూపించేటప్పుడు తిప్పి చూపించు" అని మెటాడేటాలో ఒక గుర్తు పెడతాయి. మెటాడేటా మొత్తం తుడిస్తే ఆ గుర్తు కూడా పోతుంది, ఫొటో పక్కకు ఒరిగిపోతుంది. ఒరిగిన ముఖాన్ని మోడల్ ముఖంగా గుర్తించక కళ్లు లేని రంగుల మరకగా గీస్తుంది. ఇలాంటి బొమ్మ చూపించి యాప్ పాడైందని నాకు రాసినవారు ఒకరిద్దరు కాదు.

విరుగుడు ఏమిటంటే, పైన చెప్పిన తుడిచే ఆదేశం ఇంకా వాడని ఫొటోను తీసుకుని, ముందు దాన్ని నిజంగా తిప్పి, ఆ తరువాతే గుర్తును వదలాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని పిల్లో లైబ్రరీని `pip install pillow` అని వేసుకుంటే, దానితో అది రెండు వరుసల పని:

```python
from PIL import Image, ImageOps
img = ImageOps.exif_transpose(Image.open("selfie.jpg")).convert("RGB")
img.save("clean.jpg", quality=95)
```

ఇలా భద్రపరచిన `clean.jpg`లో పాత మెటాడేటా రాదు. నమ్మకం కోసం `exiftool clean.jpg` అని ఒకసారి చూసుకోండి. తెర మీద కొలతలు, ఫైల్ పరిమాణం వంటివి మాత్రమే కనిపించాలి. `GPS` అనే అక్షరాలు ఎక్కడైనా ఉంటే పని కాలేదన్నమాట.

కొన్ని ఫోన్లు ఫొటోలను `HEIC` రూపంలో దాస్తాయి, వాటిని పిల్లో నేరుగా తెరవలేదు. ఫోన్ నుంచి ఎగుమతి చేసేటప్పుడే జేపెగ్‌గా మార్చుకోండి.

## 5. సొంత కంప్యూటర్లో బొమ్మ చేయడం: ఒక ఉదాహరణ

యానిమేగాన్2 అనే మార్పిడి మోడల్‌కు, పైటార్చ్ అనే పైథాన్ లైబ్రరీతో నడిచే రూపం బహిరంగంగా దొరుకుతుంది. దాని శిక్షిత ఫైల్ పది ఎంబీలోపే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా నడుస్తుంది. ముందు కావలసినవి వేసుకోండి:

```
pip install torch torchvision pillow
```

తరువాత చదరంగా కోయడం. ఈ మోడల్‌తో వచ్చే సహాయక ప్రోగ్రాం మీరిచ్చిన ఫొటో నడిమధ్య నుంచి ఒక చదరాన్ని తనే కోసి, 512 పిక్సెళ్లకు కుదించి పని మొదలుపెడుతుంది. ముఖం ఎక్కడుందో అది వెతకదు. ఈ సంగతి తెలియక తల తెగిన బొమ్మలు చేసుకుంటారు.

లెక్క చూడండి. నిలువు సెల్ఫీ 3024 × 4032 పిక్సెళ్లు అనుకుందాం. చదరం 3024 కాబట్టి మిగిలిన 1008 పిక్సెళ్లలో పైన 504, కింద 504 తెగిపోతాయి. సెల్ఫీలో ముఖం సాధారణంగా పై సగంలో ఉంటుంది. మన ఫొటోలో జుట్టు అంచు పై నుంచి 300వ పిక్సెల్ దగ్గర, గడ్డం 1900 దగ్గర ఉంటే, పైన 504 పోగానే జుట్టుతోపాటు నుదుటి పైభాగం కూడా పోతుంది.

కాబట్టి మనమే ముందు కోయాలి. జుట్టు నుంచి గడ్డం దాకా 1600 పిక్సెళ్లు ఉన్నాయి, ముఖం చదరంలో మూడింట రెండు వంతులు ఆక్రమిస్తే బొమ్మ బాగా వస్తుంది, అంటే చదరం 2400 ఉండాలి. పై నుంచి 0 దగ్గర మొదలుపెడితే 2400 దగ్గర ముగుస్తుంది. తలపైన 300, గడ్డం కింద 500 ఖాళీ మిగులుతుంది. ముఖం మధ్యగీత ఎడమ నుంచి 1500 దగ్గర ఉంటే అడ్డంగా 300 నుంచి 2700 వరకు తీసుకోవాలి.

```python
import torch
from PIL import Image

repo = "bryandlee/animegan2-pytorch:main"
model = torch.hub.load(repo, "generator", pretrained="face_paint_512_v2")
paint = torch.hub.load(repo, "face2paint", size=512)

img = Image.open("clean.jpg").convert("RGB")
img = img.crop((300, 0, 2700, 2400))
paint(model, img, side_by_side=False).save("avatar.png")
```

చివరి వరుసలోని `side_by_side=False` అనే మాటను తీసేయకండి. అది `True` అయితే పోల్చి చూసుకోవడానికి వీలుగా మీ అసలు ముఖం బొమ్మ పక్కనే అతికి వస్తుంది. చూసుకోకుండా ఆ ఫైలును పైకి ఎక్కించారో, ఇంత జాగ్రత్తా బూడిదలో పోసినట్లే.

నడిపే వరుస ఇలా ఉండాలి:

- ముందు ఇంటర్నెట్ ఉంచి, ముఖం లేని ఏదైనా పెద్ద ఫొటోతో ఒకసారి నడపండి. మోడల్ ఫైళ్లు దిగుతాయి. ఈ రిపాజిటరీని నమ్ముతారా అని అడిగితే `y` నొక్కాలి.
- ఇప్పుడు ఇంటర్నెట్ పూర్తిగా ఆపివేయండి.
- సెల్ఫీని పెట్టి మళ్లీ నడపండి. దిగిన ఫైళ్లు కంప్యూటర్లోనే ఉన్నాయి కాబట్టి పని సాగుతుంది.
- బొమ్మ వచ్చాక `clean.jpg`ను తొలగించి, ఆ తరువాతే ఇంటర్నెట్ కలపండి. ఫోల్డర్ క్లౌడ్‌తో జతపడి ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఈ మోడల్‌కు ఒక లోపం ఉంది, దాన్ని దాచి లాభం లేదు. చర్మాన్ని ఉన్నదానికంటే తెల్లగా గీయడం దీనికి అలవాటు. చామనఛాయ ముఖాలు కూడా పాలిపోయి వస్తాయి. నాకు కొంత ఉపయోగపడినది, మోడల్‌కు ఇచ్చేముందు ఫొటో వెలుగును పది పన్నెండు శాతం తగ్గించడం:

```python
from PIL import ImageEnhance
img = ImageEnhance.Brightness(img).enhance(0.88)
```

దీన్ని కోత వరుస కింద చేర్చండి. అప్పటికీ రంగు సరిపోకపోతే, వచ్చిన బొమ్మను ఏదైనా బొమ్మల ప్రోగ్రాంలో తెరిచి చర్మం ఉన్న చోటు మాత్రం సరిదిద్దుకోవాలి. 0.8 కంటే తగ్గిస్తే కళ్ల కింద నల్లటి చారలు మొదలవుతాయి.

## 6. యాప్ వాడక తప్పనప్పుడు

కంప్యూటర్ లేనివారు, శిక్షణ పద్ధతి కావాలనుకునేవారు యాప్ దగ్గరకే వెళ్లాలి. అప్పుడు మొదట తేల్చుకోవలసినది, ఫొటో ఫోన్ దాటి వెళుతోందా లేదా అన్నది.

యాప్ వేసుకుని, దాన్ని ఒకసారి తెరిచి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందని చూసుకుని, ముఖం లేని ఫొటోతోనో కల్పిత ముఖం బొమ్మతోనో ప్రయత్నించండి. ఇంటర్నెట్ కావాలని అడిగితే పని సర్వర్‌లో జరుగుతున్నట్లే అనుకుని ముందుకు సాగాలి. బొమ్మ తయారైతే పని ఫోన్‌లోనే జరుగుతోంది.

కానీ ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. ఫోన్‌లోనే బొమ్మ చేసిన యాప్, ఇంటర్నెట్ రాగానే ఫొటోను తరువాత పంపవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఎంత డేటా వాడిందో చూస్తే కొంత తెలుస్తుంది, అయితే పూర్తిగా కాదు. మూడు నాలుగు ఎంబీల సెల్ఫీ అలాగే వెళితే లెక్కలో కనబడుతుంది. 512 పిక్సెళ్లకు కుదించిన ముఖం కొన్ని పదుల కేబీల్లో ఇమిడిపోతుంది, అది ప్రకటనల రద్దీలో కలిసిపోయి కనిపించదు. కాబట్టి డేటా పెరిగితే అనుమానించాలి, పెరగనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు.

అనుమతి విషయంలో తేలికైన జాగ్రత్త ఒకటుంది. ఫొటోలు చూడనివ్వాలా అని అడిగినప్పుడు అన్నీ అని కాకుండా ఎంచిన ఫొటోలు మాత్రమే అనే వీలు ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్‌లో 14వ రూపం నుంచి ఉంది. శుభ్రం చేసిన ఒక్క సెల్ఫీని మాత్రమే ఎంచండి. ఖాతా తెరవక తప్పకపోతే వేరే మెయిల్ చిరునామా వాడండి, ముఖానికి మీ పేరు, ఫోన్ నంబరు జతపడకుండా ఉంటాయి.

గోప్యతా విధానాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవమని చెప్పను, నేనూ చదవను. పేజీలో వెతికే పెట్టెలో ఈ మాటలు ఒక్కొక్కటిగా టైపు చేసి, అవి ఉన్న వాక్యాలు చదవండి:

- `retain`, `delete`: ఎన్ని గంటలో, ఎన్ని రోజులో అంకె ఉందా? "అవసరమైనంత కాలం" అని ఉంటే గడువు లేదనే అర్థం.
- `improve`, `train`: సేవను మెరుగుపరచడానికి మీ ఫొటో వాడతారా? వద్దనుకునే వీలు ఎక్కడుంది?
- `biometric`, `face`: ముఖ బిందువులు, ముఖ ముద్ర గురించి విడిగా చెప్పారా, లేక ఫొటో గురించి మాత్రమే చెప్పారా?
- `perpetual`, `irrevocable`: ఇవి సాధారణంగా నియమాల పేజీలో ఉంటాయి. ఎప్పటికీ, వెనక్కి తీసుకోలేని విధంగా హక్కు ఇస్తున్నామని అర్థం. ఆ వాక్యం తయారైన బొమ్మకే వర్తిస్తుందా, మీరిచ్చిన సెల్ఫీకి కూడా వర్తిస్తుందా చూడండి.

గడువు అంకె ఉన్నప్పుడు కూడా అది దేనికి వర్తిస్తుందో నిదానంగా చదవాలి. 2019లో ఫేస్‌యాప్ మీద పెద్ద చర్చ జరిగినప్పుడు, ఎక్కువ ఫొటోలు ఎక్కించిన 48 గంటల్లోపు సర్వర్ల నుంచి తొలగిపోతాయని ఆ సంస్థ చెప్పింది. ఆ వాక్యంలో "ఎక్కువ" అనే మాట ఉంది, "ఫొటోలు" అనే మాట ఉంది. అన్నీ అని లేదు, ఫొటోల నుంచి పుట్టినవాటి ప్రస్తావన లేదు. ఏ సేవ వాక్యాన్నైనా ఇలాగే చదవాలి.

## 7. తొలగింపు: ఏది ముందు, ఏది తరువాత

ఈ వరుస తప్పి నేనే ఒకసారి దెబ్బతిన్నాను. ఒక అవతార్ యాప్‌తో పని అయ్యాక ఫోన్ నుంచి దాన్ని తీసేసి, అంతా పోయిందనుకున్నాను. కొన్ని నెలలకు మరో పని మీద మళ్లీ వేసుకుని పాత మెయిల్‌తో లోపలికి వెళితే, నేనిచ్చిన పన్నెండు సెల్ఫీలూ వరుసగా పలకరించాయి. యాప్ తీసేయడం అంటే మీ ఫోన్‌లో చోటు ఖాళీ చేయడమే, సర్వర్‌కు ఆ సంగతి తెలియదు.

ఖాతాను మూసేయడం కూడా మొదటి మెట్టు కాకూడదు. ఖాతా పోయాక మెయిల్ రాస్తే, మీరే ఆ మనిషని రుజువు చేయడానికి ఏమీ మిగలదు. వరుస ఇది:

1. కావలసిన బొమ్మలను దింపుకోండి.
2. యాప్‌లో కనిపించే సెల్ఫీలను, బొమ్మలను, మీ పేరిట ఉన్న మోడల్‌ను తొలగించండి. ప్రతి అడుగుకూ తెర ఫొటో తీయండి.
3. ఖాతా తెరిచి ఉండగానే, అదే మెయిల్ చిరునామా నుంచి తొలగింపు లేఖ పంపండి.
4. జవాబు వచ్చాక ఖాతాను మూసేయండి.
5. చివరగా యాప్‌ను తీసేయండి.

లేఖను సంస్థ వాడే భాషలో రాయాలి. అందులో ఉండవలసిన విషయం ఇది:

> ఈ మెయిల్ చిరునామాతో ఉన్న నా ఖాతాకు సంబంధించిన కింది వాటన్నిటినీ తొలగించవలసిందిగా కోరుతున్నాను: నేను ఎక్కించిన ఫొటోలు, వాటి నుంచి కత్తిరించిన ముఖ చిత్రాలు, ముఖ బిందువులు, ముఖ ఎంబెడింగ్‌లు, నా ఫొటోలతో ప్రత్యేకంగా శిక్షణ పొందిన మోడల్ ఫైళ్లు, తయారైన చిత్రాలు. వీటిలో వేటిని తొలగించారో, వేటిని ఉంచారో, ఎందుకు ఉంచారో విడివిడిగా తెలియజేయండి. బ్యాకప్‌ల నుంచి ఏ తేదీలోగా తొలగిపోతాయో చెప్పండి. నా ఫొటోలను సాధారణ మోడళ్ల శిక్షణకు వాడారా, ఇతర సంస్థలకు పంపారా అన్నది కూడా తెలియజేయండి.

"విడివిడిగా" అనే మాట ఈ లేఖకు ప్రాణం. అది లేకపోతే "మీ డేటా తొలగించబడింది" అనే ఒక్క వాక్యం తిరిగి వస్తుంది, దాని నుంచి మీకు తెలిసేది శూన్యం.

యూరప్ గోప్యతా చట్టం జీడీపీఆర్ వర్తించే చోట సంస్థ నెల లోపు జవాబివ్వాలి. పని క్లిష్టమైతే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు, కానీ ఆ పొడిగింపు సంగతిని కూడా మొదటి నెలలోనే చెప్పాలి. ఆ చట్టం దృష్టిలో ఫొటో తనంతట తాను బయోమెట్రిక్ వివరం కాదు. మనిషిని ప్రత్యేకంగా గుర్తించగలిగే సాంకేతిక పద్ధతిలో దాన్ని ప్రాసెస్ చేసినప్పుడే అవుతుంది. లేఖలో ఫొటోను, ఎంబెడింగ్‌ను వేరువేరుగా రాయమన్నది ఇందుకే.

మీరెవరో రుజువు చేసుకోమని కొత్త సెల్ఫీ గానీ గుర్తింపు కార్డు గానీ అడిగితే పంపకండి. ముఖాన్ని తొలగించమంటే కొత్త ముఖం అడగడం విడ్డూరం. ఖాతా మెయిల్‌కు కోడ్ పంపి నిర్ధారించుకోమని చెప్పండి, ఎక్కువ సందర్భాల్లో అది సరిపోతుంది.

నెల దాటినా జవాబు రాకపోతే అదే లేఖకు కొనసాగింపుగా, మొదటి తేదీని పేర్కొంటూ రెండోసారి రాయండి. దానికీ స్పందన లేకపోతే మీకు వర్తించే గోప్యతా నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయడానికి ఆ రెండు లేఖలు, రెండో మెట్టులో తీసిన తెర ఫొటోలు ఆధారమవుతాయి.

## 8. బొమ్మ వచ్చాక పడే పొరపాట్లు

కార్టూన్ కాబట్టి ఎవరూ గుర్తుపట్టరనుకోవడం. మార్పిడి పద్ధతిలో వచ్చిన బొమ్మలో కళ్ల మధ్య దూరం, దవడ వంపు, ముక్కు పొడవు చాలావరకు మీవే. తెలిసినవారు ఇట్టే పోల్చుకుంటారు. పేరు దాచుకుని రాసే ఖాతాకు అలాంటి బొమ్మ పెట్టడం తగదు. దానికి చేత్తో ఎంచుకునే అతుకుల బొమ్మే సరైనది, అందులోనూ మీ జుట్టు తీరును, కళ్లద్దాలను ఉన్నవి ఉన్నట్లు పెట్టకండి.

ఒకే బొమ్మను అన్నిచోట్లా వాడటం. అసలు పేరుతో ఉన్న ఖాతాకు, పేరు లేని ఖాతాకు ఒకే చిత్రం ఉంటే, చిత్రాన్ని పెట్టి వెతికే సాధనంతో రెండింటినీ కలిపేయవచ్చు. ముఖాన్ని గుర్తుపట్టవలసిన అవసరమే రాదు.

బొమ్మ నచ్చక మళ్లీ మళ్లీ కొత్త సెల్ఫీలు ఎక్కించడం. వేరువేరు కోణాల్లో, వేరువేరు వెలుతురులో ఇచ్చే ప్రతి సెల్ఫీ సేవ దగ్గరున్న మీ ముఖాన్ని ఇంకాస్త పూర్తి చేస్తుంది. యాప్‌తో పని చేసేటప్పుడు ఫొటోను మార్చకుండా శైలిని మార్చి చూడండి.

సొంత ఫోన్‌ను మరచిపోవడం. సెల్ఫీని గ్యాలరీ నుంచి తొలగించినా అది కొంతకాలం చెత్తబుట్టలో ఉంటుంది. ఐఫోన్‌లో ఇటీవల తొలగించినవి అనే ఆల్బమ్‌లో 30 రోజులు, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు నిలుస్తాయి. ఆ రెండు చోట్లా ఖాళీ చేసి, కంప్యూటర్లో `selfie.jpg_original` మిగిలిందేమో, మీకు మీరే పంపుకున్న మెయిల్‌లోనో సందేశంలోనో జతగా ఉండిపోయిందేమో ఒకసారి వెతకండి.